గోడ కూలకముందు రాయాల్సిన కాగితం: నాలుగు గళ్లలో ఎవరి ప్రాణం లెక్కకొస్తోంది?

2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలం కొండ మీద వాన పడింది. చందనోత్సవం రోజు. 300 రూపాయల టికెట్ల క్యూ పక్కన, ఉత్సవం కోసం హడావిడిగా కట్టిన కొత్త గోడ కూలి ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం విచారణకు త్రిసభ్య కమిటీ వేసింది, అధికారులను సస్పెండ్ చేసింది. తప్పు ఎవరిదన్న చర్చ చాలా జరిగింది. గోడ కట్టకముందు ఆ సైట్‌లో ఒక కాగితం ఉండాలి కదా, అందులో ఏం రాసి ఉండాలి అన్న ప్రశ్న కూడా అడగాలి.

ఆ కాగితం పేరు రిస్క్ అసెస్‌మెంట్. అందులో ముఖ్యంగా నాలుగు గళ్లుంటాయి: ప్రమాద కారణం, జరిగే అవకాశం, తీవ్రత, నివారణ చర్య. అవకాశానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తారు, తీవ్రతకూ అంతే. రెండూ గుణిస్తే రిస్క్ వస్తుంది. ఇరవై అయిదుకు దగ్గరగా వస్తే పని ఆపాలి. చూడటానికి ఇంతే. కానీ ఏ గడిలో ఏం రాశారో చదవడం వస్తే, ఆ సైట్‌లో ఎవరి ప్రాణాన్ని ఎంతగా లెక్కేశారో తెలిసిపోతుంది.

మొదటి గడి నుంచి చూద్దాం. చాలా కాగితాల్లో ఇక్కడ "గోడ కూలుట" అని రాస్తారు. అది కారణం కాదు, జరిగిపోయాక కనిపించే ఫలితం. కారణం గోడ వెనక ఉంటుంది. వాన నీళ్లు పట్టిన మట్టి, ఆ నీళ్లు బయటికి పోయే దారి లేకపోవడం. మూడు మీటర్ల ఎత్తు నీళ్లు గోడ వెనక నిలిస్తే, గోడ పొడవులో ప్రతి మీటరు మీదా దాదాపు నాలుగున్నర టన్నుల తోపు పడుతుంది. ఎత్తు సగం అయితే తోపు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే అడుగు ఎత్తు పెంచినా ప్రమాదం చాలా పెరుగుతుంది. మట్టిని ఆపే గోడలో కింది భాగాన నీళ్లు కారే రంధ్రాలు వదలడం, వెనక కంకర పోయడం ఇందుకే. కారణాన్ని "నీళ్లు నిలిచే మట్టి" అని రాసినవాడికి రంధ్రాలు గుర్తొస్తాయి. "గోడ కూలుట" అని రాసినవాడికి హెల్మెట్ గుర్తొస్తుంది.

రెండో గడిలో అంకె వేసేవాడు ఎండలో నిలబడిన గోడను చూసి "రెండు" వేస్తాడు. కానీ అవకాశాన్ని లెక్కించాల్సింది ఈ రోజుకు కాదు, మనుషులు ఆ గోడ పక్కన ఉండబోయే రోజుకు. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాంధ్రలో ఉరుములతో వానలు మామూలే. కొత్త గోడ, నీటి దారి లేదు, పక్కనే క్యూ. అప్పుడు అంకె నాలుగు. తీవ్రత ఐదు, ఎందుకంటే కూలితే చావే. నాలుగైదులు ఇరవై. ఆ అంకె నిజాయితీగా పడి ఉంటే, క్యూ అక్కడ పెట్టకూడదని ఎవరికైనా అర్థమయ్యేది.

ఇప్పుడు నాలుగో గడి. అసలు మోసం జరిగేది ఇక్కడే. చర్యలు రాశాక మళ్లీ అంకె వేయాలి. "కూలీలకు తగు జాగ్రత్తలు చెప్పబడును" అని రాసి ఇరవైని ఐదుకు దించిన కాగితాలుంటాయి. జాగ్రత్త చెబితే నీళ్ల తోపు తగ్గదు. చర్యలకు ఒక వరస ఉంది. ముందు ప్రమాదాన్నే తీసేయాలి, అంటే క్యూను మరో వైపు మళ్లించాలి. అది కుదరకపోతే నిర్మాణం మార్చాలి: పునాది, కాంక్రీటు, నీటి రంధ్రాలు. ఆ తర్వాత కంచె, హెచ్చరిక. చివరన హెల్మెట్. పైనున్నవాటికి డబ్బూ సమయమూ పడతాయి, కిందివి చౌక. ఇంకో పరీక్ష కూడా ఉంది. రంధ్రాలు పెడితే అవకాశం తగ్గుతుంది కానీ తీవ్రత తగ్గదు. గోడ ఎప్పుడు కూలినా కింద మనిషి ఉంటే చావే. తీవ్రత గడిలో ఐదు రెండుగా మారిందంటే, మనుషుల్ని అక్కడి నుంచి తప్పించారా అని అడగండి. తప్పించకపోతే ఆ అంకె అబద్ధం.

సింహాచలం లెక్కను వడ్డాదికి తీసుకొద్దాం. బుచ్చెయ్యపేట మండలంలోని ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇలాంటి ఊళ్లలో కొండంత గోడలు కట్టరు. కాలువలు, పైపులైన్లు, సెప్టిక్ ట్యాంకులు తవ్వుతారు. గోతి గోడ కూడా మట్టిని ఆపే గోడే. తేడా ఏమిటంటే దానికి ఇటుక కూడా ఉండదు. ఒక ఘనపు మీటరు మట్టి బరువు ఒకటిన్నర టన్నుల పైనే. నడుము దాకా కూరుకుపోయిన మనిషిని చేత్తో లాగలేరు, ఛాతీ దాకా వస్తే ఊపిరి ఆడదు.

కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టు భద్రతా నిబంధనల్లో దీనికి స్పష్టమైన కొలతలున్నాయి. లోతు ఒకటిన్నర మీటర్లు దాటితే గోతి పక్కలను మెట్లుగా కోయాలి, లేదా చెక్కలతో దన్ను పెట్టాలి. తవ్విన మట్టిని అంచుకు ఒకటిన్నర మీటర్ల లోపల, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం లోపల వేయకూడదు. ప్రతి 30 మీటర్లకు నిచ్చెన ఉండాలి. గొయ్యి ఒకటిన్నర మీటర్లు దాటిందంటే మెట్లో, చెక్కలో రావాలి. ఊళ్లో ఎవరైనా తాడుతో కొలిచి చెప్పొచ్చు.

మరి ఆ గోతిలో దిగేదెవరు? గునపం, తట్ట, పార ఎవరి చేతుల్లో ఉంటాయో మన ఊళ్లలో అందరికీ తెలుసు. కాగితం రాసేవాడు గట్టు మీద ఉంటాడు. అందుకే అవకాశం గడిలో చిన్న అంకె పడుతుంది. నిన్న వాన పడితే గోతి అంచున నెర్రెలు వచ్చాయని, అడుగున ఊట వస్తోందని మొదట చూసేది లోపలున్న దళిత కూలీ. ఆమె చూసినదానికి కాగితంలో గడి లేదు. కులం ఈ కాగితంలోకి దూరేది ఇలాగే, తిట్టుగా కాదు, అంకెగా.

చట్టం కూడా ఇక్కడ సన్నబడుతుంది. 1996 భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం పది మంది కార్మికులున్న చోట నుంచే వర్తించేది. భద్రతా అధికారి ఉండాలంటే 500 మంది కావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. నలుగురితో తవ్వించే కాలువకు ఏ భద్రతా అధికారీ రాడు. కానీ పని ప్రభుత్వ నిధులతో జరిగితే కాంట్రాక్టు ఒప్పందం ఉంటుంది. సమాచార హక్కు కింద ఆ ఒప్పందంలోని భద్రతా నిబంధనలు, డ్రాయింగు, రిస్క్ అసెస్‌మెంట్ నకలు అడగొచ్చు. వస్తే మూడు చూడండి: కాగితం మీద తేదీ పని మొదలవకముందుదా, వాన తర్వాత మళ్లీ రాశారా, రాసినవారి పేరూ సంతకమూ ఉన్నాయా. కాగితమే లేదని జవాబొస్తే, అదీ సాక్ష్యమే.

కాగితం గోడను నిలబెట్టదు. కానీ ఇరవై అని ఎవరో ముందే రాసి సంతకం పెట్టి ఉంటే, కూలిన తర్వాత "దైవాధీనం" అనడానికి ఎవరికీ నోరు రాదు.