వాచీ హెచ్చరిస్తే పరుగు వద్దు, పెడచెవినా పెట్టొద్దు

గుండె వేగం చూసే వాచీ కట్టుకున్న పెద్దలకూ, అమెరికా నుంచో హైదరాబాదు నుంచో దాన్ని కొని పంపిన పిల్లలకూ ఈ విన్నపం.

‘గుండె లయ తప్పుతోంది’ అని వాచీ చెప్పగానే కొందరు అర్ధరాత్రి కారు తీసి పెద్దాసుపత్రికి పరుగెడతారు. ఇంకొందరు ‘దానికేం తెలుసు’ అని ఆ సందేశాన్ని చెరిపేస్తారు. ఈ రెండూ మానాలని మా విన్నపం.

ఆపిల్ వాచీ సంగతే చూద్దాం. దాని అడుగున వెలిగే పచ్చ దీపాలు చర్మం కింద రక్తం పొంగును గమనించి, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడాన్ని కొలుస్తాయి. మనిషి కదలకుండా ఉన్నప్పుడే, అప్పుడప్పుడు మాత్రమే చూస్తాయి. ఒక్కసారి తేడా కనబడితే వాచీ నోరు విప్పదు. వరుసగా ఆరుసార్లు చూసి, ఐదుసార్లయినా లయ తప్పితేనే చెబుతుంది. అంటే మీకు సందేశం అందేసరికి ఆ పరిశీలనకే గంటకు పైగా పట్టి ఉంటుంది. ఒంట్లో బాగున్నవాళ్లు ఆ నిమిషంలో పరుగెత్తి సాధించేదేమీ లేదు.

గుంటూరులో అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒకరు ఉన్నారనుకుందాం. బీపీ ఉంది, మందులు వాడుతున్నారు. సాయంత్రం టీవీ చూస్తుండగా హెచ్చరిక వచ్చింది. మొదట అడగాల్సింది వాచీని కాదు, ఆయన్ని. ఛాతీలో నొప్పి, బరువు ఉన్నాయా? ఆయాసమా? కళ్లు తిరిగాయా, స్పృహ తప్పిందా? మూతి ఒకపక్కకు పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దకావడం ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. వాచీ ఏమీ చెప్పకపోయినా అంతే. గుండెపోటును ఈ వాచీ కనిపెట్టలేదు. నొప్పి ఉన్నా వాచీ ఊరుకుంది కదా అని ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

అవేవీ లేవనుకుందాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఐదు నిమిషాలు కూర్చోవాలి. తర్వాత బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిండు నిమిషం నాడి లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, లయ తప్పిన నాడికి ఆ లెక్క కుదరదు. వాచీలో ఈసీజీ సదుపాయం ఉంటే, చెయ్యి బల్ల మీద పెట్టి, పక్కనున్న గుండ్రటి మీటను రెండో చేతి వేలితో ముట్టుకుని ముప్పై సెకన్లు కదలకుండా ఉంటే చాలు. ఆ గీతను పీడీఎఫ్‌గా దాచి, తేదీ, వేళ, అప్పుడు ఒంట్లో ఎలా ఉందో రాసుకుని, మర్నాడే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. క్లినిక్‌లో ఈసీజీ తీసేసరికి లయ మామూలుగా ఉండొచ్చు. ‘ఏమీ లేదు, వాచీ తీసేయండి’ అని పంపేస్తారు. కానీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ లయ దోషం చాలామందిలో వచ్చి పోతూ ఉంటుంది. అమెరికాలో నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న ఆపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. హెచ్చరిక అందుకున్నవారు అర శాతమే. వాళ్లలో కొందరు తర్వాత వారం పాటు ఛాతీకి ఈసీజీ పట్టీ అంటించుకుంటే, సుమారు మూడో వంతు మందిలో ఆ దోషం మళ్లీ కనబడింది. మిగతావారికి జబ్బు లేదనీ దీన్నిబట్టి తేల్చలేం, ఆ వారంలో రాకపోయి ఉండొచ్చు. అదనపు దెబ్బలు పడినా వాచీ పొరబడొచ్చు.

అందుకే డాక్టర్లను కోరేది ఒకటే. ఒక్క ఈసీజీ బాగుందని ఫైలు మూయకండి. హోల్టర్ పెట్టి ఒకరోజో అంతకన్నా ఎక్కువో చూడండి, థైరాయిడ్ పరీక్ష చేయించండి. దోషం తేలితే గుండె పై గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతం తేగలదు. రక్తం పలచబరిచే మందు ఎవరికి కావాలో వయసు, బీపీ, షుగరు, పాత పక్షవాతం చూసి మీరే నిర్ణయించాలి. ఇంట్లోవాళ్లు సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దు.

ఎక్కువ, తక్కువ వేగాల హెచ్చరికలు వేరు. పది నిమిషాలు కదలకుండా ఉన్నా గుండె మీరు పెట్టుకున్న హద్దు దాటితే అవి వస్తాయి. ఆ హద్దులు మామూలుగా 120, 40. జ్వరం, విరేచనాలు, ఎండదెబ్బ, రక్తహీనత వేగాన్ని పెంచుతాయి. నిద్రలో, రోజూ పరుగెత్తేవారిలో, మెటోప్రొలాల్, అటెనొలాల్ వాడేవారిలో వేగం 40కి దగ్గరగా దిగొచ్చు. నంబరు చూసి భయపడి ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపితే వేగం, బీపీ ఎగిసిపడతాయి. కళ్లు తిరిగితే పైన చెప్పినట్టే 108కి ఫోన్ చేయండి, మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

వాచీ పంపే పిల్లలారా, పెట్టెలో పెట్టి పంపి ఊరుకోకండి. ఈ హద్దులు అమ్మానాన్నల డాక్టరును అడిగి పెట్టండి. నాడి ఎలా లెక్కపెట్టాలో వీడియో కాల్‌లో చూపించి, వాళ్ల చేత ఒకసారి చేయించండి.