తెలుగు హక్కులు నా దగ్గరే ఉండనివ్వండి

షెఫీల్డ్‌లో స్థిరపడిన ఒక తెలుగు రచయిత్రి ఈమధ్య నాకొక కాంట్రాక్టు నకలు పంపించారు. పల్నాడు మిర్చి తోటల మీద ఇంగ్లీషులో రాసిన తొలి నవల. లండన్ ప్రచురణకర్త ఒకరు వేస్తామన్నారు, అడ్వాన్సు 2,000 పౌండ్లు. "సంతకం పెట్టేయనా, ఏమైనా అడగనా? అడిగితే అసలుకే వద్దంటారేమోనని భయంగా ఉంది" అని రాశారావిడ.

పుస్తకం వేస్తామని ఒకరు ముందుకు రావడమే మహాభాగ్యం అనుకునే అలవాటు మనది. సొంత డబ్బుతో అచ్చేయించుకుని, అమ్ముడుపోని కాపీలు మంచం కింద సర్దుకున్నవాళ్ళకి రాయల్టీ శాతం మాట్లాడాలంటే నోరు రాదు. బ్రిటన్‌లో ఆ మొహమాటం అక్కర్లేదు. మొదట పంపే కాంట్రాక్టు బేరం మొదలుపెట్టడానికేనని అక్కడ ఇరుపక్షాలకీ తెలుసు.

అలాగని ఆమె భయం ఉత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1840 నాటి కేసు ఒకటుంది. రెంచ్ అనే ఆయన తన పొలాన్ని వెయ్యి పౌండ్లకు అమ్ముతానన్నాడు. హైడ్ అనే ఆయన 950 ఇస్తానన్నాడు. రెంచ్ కుదరదన్నాడు. పోనీ వెయ్యికే తీసుకుంటాను అని హైడ్ మళ్ళీ రాశాడు. 950 అన్నప్పుడే ఆ పాత మాట చెల్లిపోయింది, ఇక దానికి ఒప్పుకునే అవకాశం నీకు లేదు అని కోర్టు తేల్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్ కూడా అంగీకారం అంటే షరతులు లేని అంగీకారమే అంటుంది. కాబట్టి "ఈ షరతులకు ఒప్పుకోను, ఇలా మార్చండి" అని రాస్తే, అవతలివాళ్ళు కాదన్నాక పాత కాగితం మీద సంతకం పెడతాననడం వాళ్ళ దయ మీద ఆధారపడ్డ సంగతి. మరి ఊరికే అడిగితే? 1880లో స్టీవెన్సన్ కేసులో కోర్టు చెప్పింది: వివరం అడగడం వేరు, నిరాకరించడం వేరు. అడిగినంత మాత్రాన పాత ప్రతిపాదన పోదు.

అందుకని ఉత్తరం రాయకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. వాళ్ళు ఒక్క అక్షరం కూడా మార్చమంటే మీరు సంతకం పెడతారా? పెట్టేట్టయితే "ఈ క్లాజు మార్చే వీలుందా?" అని అడగండి, అంతవరకే. పెట్టనంటే తిరస్కరిస్తున్నానని స్పష్టంగా రాయండి. రెండూ కలిపి నాన్చకూడదు. ఆమెను అడిగితే జవాబు వెంటనే వచ్చింది: "తెలుగు హక్కులు కూడా వాళ్ళకే అంటే మాత్రం చెయ్యను సార్. మా అమ్మ చదవగలిగేది తెలుగొక్కటే."

ఇక కాంట్రాక్టు సంగతి. హక్కుల క్లాజులో ప్రపంచమంతా, అన్ని భాషలు, కాపీరైటు ఉన్నన్నాళ్ళూ అని ఉంది. అక్కడ కాపీరైటు అంటే రచయిత జీవితకాలం, ఆ పైన 70 ఏళ్ళు. మన దేశంలో ఆ పైన 60. మన 1957 చట్టంలో రచయితకు ఒక ఆసరా ఉంది: హక్కు రాసిచ్చిన పత్రంలో గడువు చెప్పకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షన్ అర్థం చెబుతుంది. బ్రిటన్‌లో అలాంటి ఆసరా లేదు. పైగా ఈ కాంట్రాక్టులో గడువూ ప్రాంతమూ చెప్పే ఉన్నాయి.

లండన్ సంస్థ ఆ నవల తెలుగు హక్కుల్ని విజయవాడలో అమ్మిపెడుతుందని నేననుకోను. ఆ బేరంలో వచ్చే సొమ్ము వాళ్ళ గుమాస్తా ఒక పూట జీతానికి కూడా సరిపోదు. కానీ విజయవాడలో ఎవరైనా వేస్తామని వస్తే మాత్రం లండన్‌కు రాయాలి, జవాబు కోసం ఎదురుచూడాలి, వచ్చినదాంట్లో సగం వాళ్ళకివ్వాలి. వాళ్ళకు పనికిరానిది, ఆమెకు ప్రాణమైనది. అలాంటిదాన్నే మొదట అడగాలి.

రాయల్టీ క్లాజు చూడ్డానికి బాగుంది: "నికర రాబడిపై 10 శాతం." ధర మీద పదిశాతం అని చదువుకున్నారావిడ. కాదు. పుస్తకం ధర 9.99 పౌండ్లు. పుస్తకాల షాపులకీ పంపిణీదారులకీ 55 శాతం తగ్గింపు పోతే ప్రచురణకర్తకు చేరేది నాలుగున్నర పౌండ్లు. అందులో పదో వంతు 45 పెన్నీలు. అదే అట్ట మీది ధర మీద ఏడున్నర శాతమైతే 75 పెన్నీలు వస్తుంది. పదికంటే ఏడున్నరే ఎక్కువన్నమాట! అడ్వాన్సు తీరేదాకా రాయల్టీ చేతికి రాదు. 45 పెన్నీల చొప్పున అది తీరడానికి దాదాపు 4,440 కాపీలు అమ్మాలి, 75 చొప్పున 2,670 చాలు.

ఉత్తరం ఆమే రాసింది, నేను దిద్దాను. ముందు నవల నచ్చినందుకు రెండు మాటల్లో కృతజ్ఞత. తరువాత అసలు విషయం: "ప్రస్తుత షరతుల మీద సంతకం చేయలేను. కింది మార్పులతో అయితే మీతోనే చేయాలని ఉంది. భారతీయ భాషల హక్కులు నా దగ్గరే ఉండనివ్వండి. రాయల్టీ అట్ట ధరపై 7.5 శాతం ఇవ్వండి, నికర రాబడి మీదే లెక్క కడతామంటే 16 శాతం. ఏడాదిలో అచ్చు ప్రతులు వందకు తక్కువ అమ్ముడుపోతే, నేను అడిగిన మూడు నెలల్లో హక్కులన్నీ నాకు తిరిగి రావాలి." పైన "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" అన్న మాట పెట్టించాను. తుది పత్రం మీద ఇద్దరూ సంతకం చేసేవరకు ఎవరికీ కట్టుబాటు లేదని దానర్థం. ఈ-బుక్ మీద నికరంలో 25 శాతమన్నారు. అక్కడ మామూలుగా ఇచ్చేదే కనుక దాని జోలికి పోలేదు. అడ్వాన్సు జోలికీ పోలేదు. అన్నీ అడిగితే ఏది ముఖ్యమో వాళ్ళకు తెలియదు.

ఆ వంద కాపీల మాట ఎందుకంటే, వెనకటి కాంట్రాక్టుల్లో "పుస్తకం అచ్చులో లేకపోతే హక్కులు వెనక్కి" అనుండేది. ఇప్పుడు ఈ-బుక్ సర్వర్‌లో పడి ఉన్నంతకాలం, ఆర్డరొస్తే ఒక్కో కాపీ అచ్చేసే ఏర్పాటున్నంతకాలం ఏ పుస్తకమూ అచ్చులో లేనట్టు కాదు. అంకె రాసుకోకపోతే ఆ క్లాజు ఉన్నా లేనట్టే.

జవాబు మర్యాదగానే వచ్చింది. భారతీయ భాషల హక్కులు ఒక్క వాక్యంలో వదిలేశారు. అట్ట ధర లెక్కకు రాలేదు. నికరం మీద మొదటి 3,000 కాపీలకు పన్నెండున్నర శాతం, ఆ పైన 15 అన్నారు. అంటే 56 పెన్నీలతో మొదలై 67కు. అడ్వాన్సు ఇప్పుడు సుమారు 3,460 కాపీలకు తీరుతుంది. వంద అడిగితే యాభైకి దిగారు. కాపీరైటు ఉన్నన్నాళ్ళూ అన్న మాట మాత్రం తీయలేదు. ఆ యాభై కాపీల గీత ఉంది కాబట్టి ఒప్పుకోమన్నాను, ఒప్పుకున్నారు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు రచయితలకు ఒక మాట. 1884 నుంచి అక్కడ సొసైటీ ఆఫ్ ఆథర్స్ ఉంది. కాంట్రాక్టు చేతికొచ్చిన కొత్త రచయితలు కూడా అందులో చేరవచ్చు. సభ్యులైతే కాంట్రాక్టును క్లాజు క్లాజుగా చదివిపెడతారు, దానికి వేరే రుసుము ఉండదు. సంతకం తరువాత కాదు, ముందే పంపండి.