పాత పేపర్లో లేని ప్రశ్న: నేను ఇడిసిపెట్టిన 3 మార్కుల సంగతి

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతోటి చదవండి.

మా హాస్టల్లో సీనియర్లు ఇచ్చిపోయిన పాత పేపర్ల కట్ట ఒకటి ఉంటది. నేను దాన్ని రెండుసార్లు పూర్తి చేసిన. మొన్న మాక్ టెస్టులో ఆ కట్టలో ఎక్కడా లేని లెక్క వచ్చింది. చూడంగనే "ఇది మనది కాదు" అని పేజీ తిప్పేసిన. రాత్రి రూముకొచ్చి చూస్తే తెల్వనిది ఒక్కటి కూడా లేదు అందులో. అందుకే ఈ పోస్టు.

ప్రశ్న ఇది. ఒక జలాశయం సామర్థ్యం 7.6 టీఎంసీలు. పొద్దున 6 గంటలకు అందులో 5.8 టీఎంసీలు ఉన్నయి. ఇన్‌ఫ్లో 1,50,000 క్యూసెక్కులు. ఒక్కో గేటు 12,500 క్యూసెక్కులు వదులుతది, 4 గేట్లు ఎత్తి ఉన్నయి. జలాశయం ఎప్పుడు నిండుతది? 9 గంటలకు ఇంకా కనీసం ఎన్ని గేట్లు ఎత్తితే మధ్యాహ్నం 1 గంట కంటే ముందు నిండకుండా ఉంటది?

టీఎంసీ, క్యూసెక్కు, గేట్లు అని కనపడంగనే నేను దీన్ని ఇరిగేషన్ ప్రశ్న అనుకున్న. ఆ మాటలు పక్కకు పెడితే ఏం మిగిలింది? ఒక నల్లా తొట్టిని నింపుతది, ఇంకోటి ఖాళీ చేస్తది. మనం పదో తరగతిలోపే చేసిన లెక్క. ప్రశ్న కొత్తది కాదు, బట్టలు కొత్తయి.

ఇగ ముక్కలు చేద్దాం. మొదటిది, ఖాళీ ఎంత: 7.6 లోంచి 5.8 తీస్తే 1.8 టీఎంసీలు. రెండోది, నికరంగా లోపల ఎంత మిగులుతుంది: 4 గేట్లు కలిపి 50,000 వదులుతున్నయి, కాబట్టి 1,00,000 క్యూసెక్కులు మిగులు. మూడోది కొలతల ముక్క, అందరం తప్పేది ఇక్కడనే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. 1.8 టీఎంసీలు అంటే 180 కోట్లు. దాన్ని లక్షతో భాగిస్తే 18,000 వస్తది. మా రూములో ఒకడు దీన్ని నిమిషాలనుకొని 300 గంటలు అని రాసిండు. ఇవి సెకన్లు. గంటకు 3,600 సెకన్లు కాబట్టి 5 గంటలు. అంటే 11 గంటలకు నిండుతది.

తప్పు పట్టుకునే మార్గం కూడా ఉంది. లక్ష క్యూసెక్కులు గంటసేపు వస్తే 36 కోట్ల ఘనపుటడుగులు, అంటే 0.36 టీఎంసీ. ఐదుసార్లు వేసుకుంటే 1.8. సరిపోయింది. 300 గంటలు అని రాసినోడు ఇది ఒక్కసారి చేసి ఉంటే అక్కడనే దొరికేటోడు.

రెండో భాగం అదే దారి, వెనక్కి నడవాలె. 9 గంటల దాకా 3 గంటలల్ల 1.08 నిండింది, 0.72 టీఎంసీ ఖాళీ మిగిలింది. దాన్ని 4 గంటలు సాగదీయాలె, అంటే 14,400 సెకన్లు. 72 కోట్లను 14,400 తోటి భాగిస్తే 50,000. మిగులు ఇంతకు మించొద్దు. అంటే బయటికి 1,00,000 పోవాలె, దానికి 8 గేట్లు కావాలె. 4 ముందే ఎత్తి ఉన్నయి, ఇంకో 4 ఎత్తాలె. మా కట్టలో "గేట్లు" అన్న మాట ఉన్న లెక్క ఒక్కటీ లేదు, కానీ ఇందులోని ప్రతి ముక్కా ఆ కట్టలో ఉన్నదే.

2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు వచ్చిన వరద యాదికి ఉన్నదా? 18 గేట్లల్ల ఒకటి తెరుచుకోలేదు, వచ్చే నీళ్లు పోయే నీళ్లకంటే ఎక్కువైనయి. కింది ఊర్లో ఉండే మా మేనమామ రాత్రికి రాత్రి పిల్లల్ని తీసుకొని గుట్ట మీదికి పోయిండు. ఆ రాత్రి మనందరం ఫోన్లల్ల ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అని చూసినం. వచ్చేది తీసివేత పోయేది, అదే లెక్క. నాకు తెలిసిన సంగతే పరీక్షలో పరాయిది లెక్క కనపడ్డది. (నిజం డ్యాంలో లెక్క ఇంత తిన్నగా ఉండదు. నీటిమట్టం మారితే గేటు నుంచి పోయే నీళ్లూ మారుతయి. ప్రశ్నలో అది స్థిరం అనుకుంటరు.)

నా అభిప్రాయం ఏందంటే, మనం పాత పేపర్లను తప్పు తీరుగ చదువుతున్నం. జవాబు సరిపోయిందా అని చూసి ముందుకు పోతున్నం. ఇంట్లో ఎవ్వరూ పరీక్ష రాయని మాలాంటోళ్లకు పేపరే సిలబస్ అనిపిస్తది, నాకూ అట్లనే అనిపించింది. ఇప్పుడు ప్రతి లెక్క పక్కన పెన్సిల్‌తోటి అందులో ఏ ముక్కలున్నయో రాస్తున్న: ఖాళీ, మిగులు, కొలత మార్పు. పది ప్రశ్నలకే అలసట వస్తది, నిజమే.

ఇది అన్నిటికీ పనిచేయదు. క్యూసెక్కు అంటే ఏందో తెల్వకపోతే మూడో ముక్క దగ్గరనే ఆగిపోతం, ఎంత ముక్కలు చేసినా లాభం లేదు. అది ఒక్కటి కంఠస్తం చేయాల్సిందే. ఒక నిమిషంలో ముక్కలు కనపడకపోతే నేను గుర్తు పెట్టి ముందుకు పోత, చివర్ల మళ్లీ వస్త.

కరీంనగర్ హాస్టల్ల ఉన్నోళ్లకు ఒకటి ఇస్తున్న. మానేరు డ్యాంలో 6 టీఎంసీల ఖాళీ ఉందనుకోండి, మిగులు 60,000 క్యూసెక్కులు. క్యాలిక్యులేటర్ ముట్టకుండా, నిండడానికి ఒక రోజు దాటుతదా, లోపలనే నిండుతదా చెప్పండి. రోజుకు 86,400 సెకన్లు.