వాసన లేకపోవడము వేరు, పరిమళ ద్రవ్యము లేకపోవడము వేరు

సున్నితమైన చర్మము గలవారు మాయిశ్చరైజరు కొనబోతే మందుల దుకాణములో తరచు వినిపించే మాట ఒకటి ఉంది: “ఇది అన్‌సెంటెడ్ అండీ, ఏమీ చెయ్యదు.” ఆ మాట నమ్మదగినది కాదని చెప్పడానికే ఈ వ్యాసము. గజ్జి తామరలతో బాధపడేవారు, చర్మము పొడిబారి పగుళ్ళు వారేవారు, పసిపిల్లల తల్లులు ఆ ఒక్క మాటను నమ్మి, ఏ పదార్థమును దూరముగా ఉంచాలనుకొన్నారో దానినే రోజుకు రెండు పూటలా ఒంటికి పూసుకొంటున్నారు.

మాయిశ్చరైజర్ల తయారీలో వాడే కొవ్వులకు, మైనములకు, నిల్వ ఉంచే రసాయనములకు సహజముగా ఒక వాసన ఉంటుంది. అది చాలామందికి నచ్చదు. ఆ వాసనను కప్పిపుచ్చడానికి కొద్ది పాళ్ళలో పరిమళ ద్రవ్యములను కలపడము తయారీదారులలో ఉన్న పద్ధతియే. ఒక వాసన మరొక వాసనను అణచివేయగా ముక్కుకు ఏమీ తెలియదు. ఆ సీసాపై ‘అన్‌సెంటెడ్’ అని ముద్రిస్తారు. ఆ మాట ముక్కు విషయములో నిజమే. చర్మమునకు మాత్రము ముక్కు లేదు. దానికి తగిలేది ఆ రసాయనము. దాని వాసన మనకు తెలిసినా తెలియకపోయినా చర్మమునకు ఒక్కటే.

దీనికి విరుద్ధముగా గానుగలో ఆడిన కొబ్బరినూనెను తీసుకోండి. దానికి చక్కని వాసన ఉంటుంది. అది నూనె సొంత వాసన. ఎవరూ బయటి నుంచి అందులో పరిమళ ద్రవ్యము కలపలేదు. వాసన గల ఆ నూనెలో చేర్చిన పరిమళము లేదు. వాసన లేని ఆ లోషనులో ఉండవచ్చును. కనుక వాసన చూసి మాయిశ్చరైజరును ఎంచుకోవడము వృథా ప్రయాస.

మరి ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అనే మాట సంగతి ఏమిటి? ‘అన్‌సెంటెడ్’ కంటె అది మెరుగైన మాటే. పరిమళము కోసము ఏ ద్రవ్యమును కలపలేదని దాని అర్థముగా ఉండాలి. కాని ఆ మాటకు చట్టములో నిర్వచనము లేదు. అమెరికాలో లేదు, మన దేశపు 2020 నాటి కాస్మెటిక్స్ నియమావళిలోనూ లేదు. ‘హైపో ఎలర్జెనిక్’, ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ అనే మాటలదీ అదే పరిస్థితి. నిర్వచనము లేని మాటను ఎవరి ఇష్టము వచ్చినట్లు వారు వాడుకొంటారు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలో బాగా అమ్ముడుపోయే 174 మాయిశ్చరైజర్లను కొందరు చర్మవైద్యులు పరిశీలించి, ఆ ఫలితములను 2017లో జామా డెర్మటాలజీ పత్రికలో ప్రచురించారు. ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అని చెప్పుకొన్న వాటిలో 45 శాతములో, పరిమళ ద్రవ్యములతో పొత్తు కలిసి ఎలర్జీ కలిగించగల రసాయనమో, మొక్కల సారమో కనీసము ఒకటి కనిపించింది. దాదాపు సగమన్నమాట.

ఈ తప్పుడు దారికి మొక్కల నూనెలు బాగా అనువుగా ఉంటాయి. లావెండరు నూనె, నారింజ తొక్క నూనె, గులాబీ నూనె వంటివి కలిపి, ‘కృత్రిమ పరిమళములు లేవు, అంతా సహజము’ అని రాస్తారు. లావెండరు నూనెలో లినలూల్ ఉంటుంది. నారింజ, నిమ్మ తొక్కల నూనెలలో లిమొనీన్ ఉంటుంది. లవంగ నూనెలో యూజినాల్ ఉంటుంది. అత్తరు కర్మాగారములో వాడేవి కూడా ఈ పదార్థములే. మొక్క నుంచి వచ్చినా, కర్మాగారము నుంచి వచ్చినా లినలూల్ లినలూలే. పైగా లినలూల్, లిమొనీన్ గాలి తగిలితే ఆక్సిజనుతో కలిసి మారిపోతాయి; అలా మారినవి మొదటి వాటికంటె బలముగా ఎలర్జీని కలిగిస్తాయి. మూత తీసి నెలల తరబడి వాడిన సీసా, కొత్తగా తెరిచిన నాటికంటె ఎక్కువ హాని చెయ్యడానికి ఇది ఒక కారణము.

“సబ్బులో, షాంపూలో కూడా పరిమళములు ఉంటాయి కదా, మాయిశ్చరైజరుపైనే ఎందుకింత పట్టుదల?” అని మీరు అడగవచ్చును. సబ్బును నిమిషములో కడిగేస్తాము. మాయిశ్చరైజరు రోజంతా చర్మముపై నిలిచి ఉంటుంది. దానిని ఎక్కువగా పూసుకొనేది కూడా పగిలిన చర్మముపైనే. ఆరోగ్యమైన చర్మపు పైపొర గోడవలె బయటి పదార్థములను అడ్డుకొంటుంది. తామర ఉన్నచోట ఆ గోడ బీటలు వారి ఉంటుంది. పరిమళ ద్రవ్యపు చిన్న అణువులు ఆ బీటల గుండా లోపలికి దిగి చర్మములోని మాంసకృత్తులను అంటుకొంటాయి. శరీర రక్షణ కణములు వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకొంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకొన్నాక సాధారణముగా జీవితాంతము మరచిపోవు.

ఈ స్పర్శ చర్మతాపములో మనలను మోసగించేది కాలవ్యవధి. ఎలర్జీ ఏర్పడినవారికి మళ్ళీ ఆ ద్రవ్యము తగిలిన వెంటనే దద్దురు రాదు. ఒకటి నుంచి మూడు రోజుల తరువాత వస్తుంది. సోమవారము పూసినదానికి బుధవారము దురద పుడుతుంది. ఈలోగా తిన్న కూరపై నేరము పడుతుంది.

నా వద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయిని కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆమెకు నలభై ఏళ్ళు. చలికాలములో చేతులు పొడిబారుతున్నాయని ‘అన్‌సెంటెడ్’ లోషను మొదలుపెట్టారు. నెల గడిచేసరికి చేతులతోబాటు మెడపై, కనురెప్పలపై ఎర్రని దురద మచ్చలు వచ్చాయి. ఇంట్లో వారు ముందు వంకాయ మాన్పించారు, తరువాత గోంగూర, ఆ తరువాత చేపలు. తగ్గలేదు. లోషను పడలేదేమోనన్న అనుమానముతో ‘సహజమైనది, ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అని ఉన్న ఖరీదైన క్రీముకు మారారు. దురద పెరిగింది. “రెండూ వాసన లేనివేనండీ, కనుక క్రీముల తప్పు కాదు” అన్నారావిడ.

రెండు సీసాలూ తెప్పించి వెనుకవైపు చదివాము. మొదటిదాని పదార్థముల జాబితా చివరలో ‘పర్‌ఫ్యూమ్’ అని ఉంది. రెండవదానిలో ఆ మాట లేదు. లావెండరు నూనె, లినలూల్, లిమొనీన్ ఉన్నాయి. చర్మవైద్యుని వద్దకు పంపితే వీపుపై ప్యాచ్ పరీక్ష చేశారు. రెండు రోజులు అతికించి ఉంచిన పట్టీలను తీసి చూసినప్పుడు అంతగా ఏమీ లేదు. నాలుగవ రోజున పరిమళ ద్రవ్యముల మిశ్రమమును ఉంచినచోట ఎర్రగా పొంగింది. లోషను, క్రీము, పరిమళపు తలనూనె, పౌడరు అన్నీ మానిపించి, పరిమళము కలపని తెల్లని పెట్రోలియం జెల్లీ ఒక్కటే వాడమన్నాము. కొద్దిరోజులు పూతమందు కూడా వాడారు. కనురెప్పలు మూడు వారములకు, చేతులు ఆరు వారములకు నయమయ్యాయి. రెప్పలకు ఆమె ఏ క్రీమూ పూయలేదు. చేతులకు రాసుకొన్నదే కళ్ళు నులుముకొన్నప్పుడు పలుచని ఆ చర్మమునకు అంటింది. ఇప్పుడు వంకాయ తింటున్నారు.

పరిమళములను సమర్థించేవారి వాదనలో కొంత నిజము ఉంది. మంచి వాసన ఉంటే జనము క్రమము తప్పకుండా పూసుకొంటారు; చాలామందికి వాటివలన ఏ హానీ కలుగదు. ఆరోగ్యమైన చర్మము గలవారు తమకు నచ్చిన పరిమళము వాడుకోవచ్చును. కాని ‘సెన్సిటివ్ స్కిన్’ అని ముద్రించి అమ్మే సీసాలో, పసిపిల్లల బొమ్మ వేసిన సీసాలో పరిమళము ఎందుకు? పరిమళము వలన చర్మములో తేమ ఒక బొట్టైనా పెరగదు. రోగికి ప్రయోజనము లేనిది, హాని చేసే అవకాశము ఉన్నది మందువలె వాడే లేపనములో ఉండటానికి సాకు లేదు. “కలిపేది చాలా కొద్ది పాళ్ళే” అనే వాదన కూడా నిలువదు. ఎలర్జీ ఏర్పడినవారికి ఆ కొద్దిపాటి చాలును. అందుకే యూరపులో చర్మముపై నిలిచి ఉండే లేపనములలో, గుర్తించిన పరిమళ ఎలర్జీ ద్రవ్యము 0.001 శాతమును మించితే దాని పేరు విడిగా ముద్రించాలి. మొదట 26 ద్రవ్యములకున్న ఈ నియమమును 2023లో 80కి పైగా ద్రవ్యములకు విస్తరించారు. మన దేశములో మాత్రము పదుల రసాయనములను ‘పర్‌ఫ్యూమ్’ అనే ఒక్క మాట వెనుక దాచుకోవచ్చును.

కనుక మీరు సీసా ముందువైపు మాటలను వదలి వెనుకవైపు చదవండి. జాబితాలో మొదటి మాటల తరువాత విసిగి ఆపవద్దు. ఒక శాతము లోపు ఉండే పదార్థములను చివరలో వేస్తారు; పరిమళ ద్రవ్యములు సాధారణముగా అక్కడే ఉంటాయి. ఫ్రేగ్రెన్స్, పర్‌ఫ్యూమ్, అరోమా అనే మాటల కోసము వెదకండి. చివరన ‘ఇ’ అక్షరము లేకుండా పి, ఏ, ఆర్, ఎఫ్, యు, ఎమ్ అని ఉన్నా అర్థము అదే. లావెండరు, సిట్రస్, గులాబీ, టీ ట్రీ వంటి నూనెల పేర్లు. లినలూల్, లిమొనీన్, జెరానియాల్, సిట్రాల్, యూజినాల్ వంటి పేర్లు కనిపిస్తే మీ తామరకు అది వద్దు. జాబితా లేని చిన్న ప్యాకెట్టును కొనవద్దు.

జాబితా బాగున్నా కొత్తదానిని ఒంటినిండా పూయకండి. మోచేతి మడత దగ్గర రూపాయి నాణెమంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారము నుంచి రెండు వారముల వరకు పూసి చూడండి. ఒక్కరోజు పరీక్ష చాలదు. కారణము పైన చెప్పాను. దురద, ఎర్రదనము రాకపోతే వాడుకోవచ్చును. పరిమళము లేనంత మాత్రాన అన్నీ అందరికీ సరిపడవు. నిల్వ ఉంచే మిథైల్ ఐసోథయజొలినోన్, గొర్రె ఉన్ని నుంచి తీసే లెనోలిన్ కూడా కొందరికి ఎలర్జీ కలిగిస్తాయి. అన్నీ మార్చినా ఆరు వారములలో తగ్గకపోతే చర్మవైద్యునిచే ప్యాచ్ పరీక్ష చేయించుకోండి.

ప్రభుత్వము చేయవలసినది పెద్ద పనేమీ కాదు. ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అనే మాటకు నిర్వచనము ఇచ్చి, అందులో సుగంధ తైలములను కూడా చేర్చాలి. వాసనను కప్పిపుచ్చడానికి పరిమళ ద్రవ్యము కలిపినప్పుడు ఆ సంగతి సీసా ముందువైపునే చెప్పించాలి. ఎలర్జీ కలిగించే ద్రవ్యముల పేర్లు విడిగా వేయించాలి. అది జరిగేదాకా దుకాణదారు “అన్‌సెంటెడ్ అండీ” అన్నప్పుడు సీసాను వెనుకకు తిప్పి చదవండి. అక్షరములు చిన్నవైతే కళ్ళజోడు పెట్టుకొని చదవండి.