తప్పు వేరు, మార్పు వేరు: తహసీల్దారుకు అర్జీ వ్రాసే ముందు

అస్ర్ నమాజు తరువాత మద్రసా వరండాలో కూర్చున్నప్పుడు ఊరివారు అప్పుడప్పుడు కాగితాలు పట్టుకొని మా వద్దకు వస్తూ ఉంటారు. చదవడం, వ్రాయడం తెలిసినవారన్న చిన్న నమ్మకమే దానికి కారణం. గత మాసంలో అలాగే ఒక సోదరుడు వచ్చారు. ఆయన తండ్రి చనిపోయి సంవత్సరం దాటింది. తండ్రికి 4 ఎకరాల మెట్ట భూమి ఉన్నది. మండల తహసీల్దారుకు ఇవ్వడానికి ఎవరో వ్రాసి ఇచ్చిన అర్జీని మాకు చూపి, భాష సరిచేయమన్నారు.

అర్జీలో ఉన్నది రెండే వాక్యాలు. "మా భూమి సర్వే నంబరు 214/2 కాగా, రికార్డులో 241/2 అని తప్పుగా పడినది. యజమాని పేరు కూడా తప్పుగా ఉన్నందున దానిని తొలగించి నా పేరు నమోదు చేయవలసినదిగా ప్రార్థన."

భాషలో పెద్ద లోపమేమీ లేదు. లోపమంతా విషయంలోనే ఉన్నది. మొదటి వాక్యం ఒక తప్పును గురించి చెప్తుంది. రెండవ వాక్యంలో చెప్పినది తప్పే కాదు. రికార్డులో తండ్రి పేరు ఉన్నది, భూమి తండ్రిదే. ఆయన మరణించారు కనుక ఆ పేరు ఇప్పుడు మారవలసి ఉన్నది. తప్పును సవరించమని కోరడం ఒకటి, హక్కు చేతులు మారినదని తెలపడం మరొకటి. ఈ రెండింటినీ ఒకే తాడుతో కట్టినందువల్ల ఆ అర్జీలో మరి ముగ్గురు మనుషులు మాయమయ్యారు. తల్లి, తమ్ముడు, పొరుగూరిలో కాపురముంటున్న చెల్లెలు.

ముందుగా నంబరు సంగతి చూద్దాము. సర్వే నంబరు తప్పని మనం అన్నంత మాత్రాన కార్యాలయం అంగీకరించదు. ఆ తప్పు ఏ కాగితం వద్ద పుట్టినదో మనమే చూపించాలి. అందుకోసం మేము ఆ సోదరుని చేత మూడు కాగితాలు తెప్పించి, వరుసగా చాప మీద పరిపించాము. మొదటిది తండ్రి భూమి కొన్నప్పటి రిజిస్టరు దస్తావేజు. రెండవది పాత పట్టాదారు పాసు పుస్తకం. మూడవది ఇప్పటి 1-బి, అడంగల్ నకళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో చివరి రెండింటిని 'మీ భూమి' పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు.

దస్తావేజులో 214/2 అని ఉన్నది. పాత పాసు పుస్తకంలోనూ 214/2 అనే ఉన్నది. 1-బి లోకి వచ్చేసరికి 241/2 అయినది. అనగా కొన్నప్పుడు తప్పు జరగలేదు, పాసు పుస్తకం ఇచ్చినప్పుడూ జరగలేదు. చేతివ్రాత లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు రెండు అంకెలు తారుమారైనవి. ఇది రెవెన్యూ రికార్డు తప్పు కనుక తహసీల్దారును అడగవలసినదే.

ఒకవేళ దస్తావేజులోనే 241/2 అని ఉండి ఉంటే దారి మారిపోయేది. రిజిస్టరైన దస్తావేజును తహసీల్దారు దిద్దలేరు. అమ్మినవారు, కొన్నవారు (లేదా వారి వారసులు) సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి సవరణ దస్తావేజు వ్రాసుకోవాలి. ఆ తరువాతనే రెవెన్యూ రికార్డు సంగతి. ఈ తేడా తెలియక తహసీల్దారు కార్యాలయం చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగినవారిని మేము ఎరుగుదుము.

అంకె తారుమారైనదని రూఢి చేయడానికి మరొక సాక్ష్యం విస్తీర్ణం. మేము అడంగల్‌లో 241/2 నంబరును కూడా తీయించి చూశాము. ఆ నంబరు మొత్తం విస్తీర్ణమే 2 ఎకరాల 10 సెంట్లు. అందులో ఈ కుటుంబానికి 4 ఎకరాలు ఉన్నవని రికార్డు చెప్తున్నది. రెండు శేర్ల డబ్బాలో నాలుగు శేర్ల బియ్యం ఎట్లా పడతాయి? ఇక 214/2 విస్తీర్ణం సరిగ్గా 4 ఎకరాలు. దస్తావేజులో వ్రాసిన నాలుగు హద్దులు కూడా ఆ పొలానికే సరిపోతున్నవి. అయితే 214/2 ఎదుట మాత్రం ఎన్నడో భూమి అమ్మివేసిన పాత యజమాని పేరు నేటికీ కనబడుతున్నది. ఈ సంగతిని అర్జీలో దాచకూడదు. పేరు మార్చేటప్పుడు ఆ యజమాని వారసులకు, 241/2 రైతుకు కూడా నోటీసు వెళ్తుంది. మనమే ముందుగా చెప్పితే విచారణ తిన్నగా సాగుతుంది. వారిలో ఎవరైనా భూమి తమదేనని గట్టిగా వాదిస్తే మాత్రం అది ఇక అంకె తప్పు కాదు, హక్కు వివాదం. దానిని తేల్చవలసినది సివిల్ కోర్టు.

ఇప్పుడు పేరు సంగతికి వద్దాము. పేరులో నిజమైన తప్పులు మన కుటుంబాల్లో ఎక్కువే. ఒకే మనిషి ఒక కాగితంలో మస్తాన్ వలి, మరొక కాగితంలో మస్తాన్ సాహెబ్, ఇంకొక చోట మస్తానయ్య అవుతాడు. ఇటువంటప్పుడు సవరణ కోరడం న్యాయమే. పాత దస్తావేజు, ఆధార్, మరణ ధ్రువపత్రం చూపి, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని అర్జీలో స్పష్టంగా వ్రాయాలి. తండ్రి పేరు, ఖాతా నంబరు అన్నింటిలో ఒకటే అయితే అది బలమైన ఆధారం.

అయితే చనిపోయినవారి పేరు తీసి ఒక కుమారుని పేరు వ్రాయడం పేరు సవరణ కాదు. దానిని మ్యుటేషన్ అంటారు. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం, వారసత్వంగా హక్కు వచ్చినవారు ఆ సంగతిని తహసీల్దారుకు తెలపాలి. రికార్డు మార్చే ముందు తహసీల్దారు సంబంధిత వ్యక్తులకు వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఉత్తర్వు నచ్చనివారు అది అందిన 60 రోజులలోపు రెవెన్యూ డివిజనల్ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ పద్ధతి అంతా ఉన్నది ఏ వారసుడూ చీకటిలో మిగలకూడదనే. 'పేరు తప్పు' అని వ్రాసి ఇచ్చినవాడు ఆ పద్ధతినే ప్రక్కదారి పట్టిస్తున్నాడు.

ఈ మాట చెప్పినప్పుడు ఆ సోదరుడు కొంత నొచ్చుకున్నారు. "మౌలానా, మా చెల్లెలు ఎన్నడూ భూమి అడగలేదు. వదులుకుంటుంది" అన్నారు. మేము ఆయనతో ఇలా అన్నాము: "వదులుకొనుట ఆమె పని భాయీ. ఆమె పేరు వ్రాయకుండుట మన పని కాదు. ముందు ఆమె హక్కు ఆమె పేరున రికార్డులో ఎక్కనివ్వండి. ఆ తరువాత ఆమె సంతోషంగా ఇస్తానంటే, రిజిస్టరు దస్తావేజు ద్వారా ఇవ్వనివ్వండి." 

పిమ్మట కాగితం మీద లెక్క వేసి చూపించాము. మరణించిన వ్యక్తి అప్పులు, వసీయతు ఉంటే ముందుగా తీర్చాలి. మిగిలిన 4 ఎకరాలు, అనగా 400 సెంట్లలో, భార్యకు ఎనిమిదవ వంతు, 50 సెంట్లు. మిగిలిన 350 సెంట్లను ఐదు భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం 70 సెంట్లు. ఇద్దరు కుమారులకు రెండేసి భాగాల చొప్పున 140 సెంట్లు, కుమార్తెకు ఒక భాగం, 70 సెంట్లు. ఆ అర్జీ అలాగే వెళ్ళి ఉంటే తల్లివి 50, తమ్మునివి 140, చెల్లెలివి 70, మొత్తం 260 సెంట్లు ఒక్క వాక్యంతో పోయేవి. ఆయన ఆ అంకెలను చాలా సేపు చూశారు.

చివరికి ఒక అర్జీ స్థానంలో రెండు అర్జీలు తయారైనవి. సర్వే నంబరు సవరణ ముందు, వారసత్వ మార్పు తరువాత. నంబరు సరికాకుండా వారసుల పేర్లు ఎక్కిస్తే, అవి తమది కాని పొలం ఎదుట ఎక్కుతాయి. మొదటి అర్జీని ఇక్కడ ఇస్తున్నాము. పాఠకులు తమ వివరాలతో మార్చుకొని వాడుకోవచ్చు.

"గౌరవనీయులైన తహసీల్దారు గారికి, … మండలం.

విషయం: … గ్రామం, ఖాతా నంబరు …, సర్వే నంబరు సవరణ గురించి.

అయ్యా, మా తండ్రి కీ.శే. … గారు రిజిస్టరు దస్తావేజు నంబరు …, తేదీ … ద్వారా సర్వే నంబరు 214/2లో 4 ఎకరాల మెట్ట భూమి కొనుగోలు చేసినారు. పట్టాదారు పాసు పుస్తకం నంబరు …లోనూ అదే సర్వే నంబరు ఉన్నది. ప్రస్తుత 1-బి, అడంగల్‌లలో మాత్రం ఈ భూమి 241/2గా నమోదై ఉన్నది. 241/2 మొత్తం విస్తీర్ణం 2 ఎకరాల 10 సెంట్లు మాత్రమే. 214/2 ఎదుట పూర్వ యజమాని పేరు ఇంకా ఉన్నది. భూమి మా కుటుంబం సాగులోనే ఉన్నది.

కావున, సంబంధిత వ్యక్తులకు నోటీసు ఇచ్చి, విచారణ జరిపించి, మా తండ్రి గారి ఖాతాలో 241/2 బదులు 214/2గా సవరించవలసినదిగా కోరుచున్నాము. వారసత్వ నమోదుకు విడిగా దరఖాస్తు చేసుకుంటాము.

జతపరచినవి: దస్తావేజు నకలు, పాసు పుస్తకం నకలు, 1-బి, రెండు సర్వే నంబర్ల అడంగల్ నకళ్ళు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం.

ఇట్లు, వారసులందరి సంతకాలు."

ఇందులో "మా భూమి మాకు ఇప్పించండి" వంటి మాటలు లేకపోవడం గమనించండి. ఏ కాగితంలో ఏమున్నది, దేని బదులు ఏమి ఉండాలి, ఈ రెండే అధికారికి కావలసినవి. అసలు కాగితాలు ఎన్నడూ ఇవ్వవద్దు, నకళ్ళు మాత్రమే ఇవ్వండి. మీసేవలో గాని, గ్రామ సచివాలయంలో గాని ఇస్తే దరఖాస్తు నంబరు గల రసీదు తీసుకోండి. చేతికి ఇస్తే రెండవ ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. "అయిపోయింది" అన్న నోటిమాటతో తిరిగి రావద్దు. ఉత్తర్వు నకలు అడిగి తీసుకొని, కొత్త 1-బి తీసి సర్వే నంబరు, విస్తీర్ణం, తండ్రి పేరు మూడింటినీ మరల సరిచూసుకోండి.

తెలంగాణలో ఈ పనులు 2025 నుండి భూభారతి చట్టం క్రింద జరుగుతున్నవి. అక్కడ దరఖాస్తు విధానం వేరు. కాగితాలను పక్కపక్కన పెట్టి తప్పు ఎక్కడ పుట్టినదో వెదకడం మాత్రం అక్కడా ఇంతే.

వారసత్వ అర్జీలో నలుగురి పేర్లు, నలుగురి వాటాలు వ్రాశాము. ప్రస్తుతానికి భూమి ఉమ్మడిగానే ఉంటుంది. విడివిడిగా కావాలనుకున్ననాడు భాగపరిష్కార దస్తావేజు వ్రాసుకొని, సర్వేయరు చేత సబ్ డివిజన్ చేయించుకోవచ్చు. తరువాతి జుమా నాడు ఆ సోదరుడు చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చారు. తల్లి వేలిముద్ర వేసింది, తమ్ముడు సంతకం చేశాడు. చెల్లెలు కలం పట్టుకొని, ఎక్కడ చేయాలని అన్నను అడిగింది. ఆయన తన సంతకం క్రింద ఉన్న ఖాళీ చోటును వేలితో చూపించారు. సర్వే నంబరు అర్జీ మీద నోటీసులు వెళ్ళినవి. విచారణ సాగుతున్నది.