రెండు రోజుల్లో అంటే ఎన్నడు?

మా నాగేపల్లి పిలగాడు ఒకడు మిల్లులో స్పిన్నింగ్ ఫ్రేమ్ మీద పని చేస్తడు. పోయిన నెల ఇంటికి వచ్చి, సోమవారం పొద్దుగాల సూపర్వైజర్‌కు ఇంగ్లీషుల మెసేజ్ పెట్టిండు: 'ఐ విల్ కమ్ ఇన్ టూ డేస్'. రాత్రి బస్సెక్కి మంగళవారం గేటు కాడ నిలబడ్డడు. అప్పటికే ఆయన ఫ్రేమ్ బదిలీ వానికి ఇచ్చేసిండ్రు. ఒక దినం కూలి పోయింది. 'రెండు రోజుల్లో వస్తానని చెప్పిన గదా, ఒక్క రోజులోనే వస్తి' అని మా పిలగాని వాదన.

తప్పు ఎవరిదీ కాదు, 'లో'ది. తెలుగుల 'రెండు రోజుల్లో' అంటే ఆ రెండు రోజులు దాటకుండ, ఎప్పుడైనా. ఇంగ్లీషుల 'ఇన్ టూ డేస్' అంటే రెండు రోజులు గడిచినంక, అంటే బుధవారం. మన మాటల చెప్పాలంటే అది 'రెండు రోజులకు'. 'లో' కనపడంగనే 'ఇన్' పెడితే గిట్లనే అయితది. దాటకుండ అనాలంటే 'విదిన్ టూ డేస్'. అన్నిటికన్న సాఫ్ మాట, 'ఆన్ ట్యూస్డే' అని వారం పేరు చెప్పుడు.

'కి' ఇంకా తిప్పలు పెడతది. 'ఆరింటికి షిఫ్టు' అంటే సరిగ్గ ఆరు గంటలకే, కాబట్టి 'ఎట్ సిక్స్'. కాని 'సోమవారానికి బట్ట కావాలె' అంటే సోమవారం వచ్చేసరికి తయారు కావాలె. అది 'బై మండే'. 'కి' ఒక్కటే, గడియారం వెనక ఒక అర్థం, వారం వెనక ఇంకో అర్థం. రెండింటికీ 'టు' పెడుతున్నరు మన పిల్లలు. 'ఆరింటికల్లా' అంటే మాత్రం గంటకు కూడ 'బై' వస్తది.

ఉత్త 'సోమవారం వస్త' అన్నప్పుడు తెలుగుల వెనక ఏమీ తగిలించం. అందుకే ఇంగ్లీషుల గూడ వదిలేస్తరు, లేకుంటే 'ఇన్ మండే' అంటరు. వారానికీ తేదీకీ 'ఆన్', నెలకూ సంవత్సరానికీ 'ఇన్'. మరాఠీ బడిల చదివినోళ్లకు ఇది తొందరగ ఎక్కుతది. మరాఠీల 'సోమవారీ', 'సహా వాజతా' అని వారానికో తీరు, గంటకో తీరు ఉన్నది గదా.

పొద్దు, రాత్రి మాత్రం లెక్కకు దొరకవు. 'ఇన్ ద మార్నింగ్' అంటరు, రాత్రికి 'ఎట్ నైట్'. వారం పేరు ముందు చేరితే మళ్లీ 'ఆన్ మండే మార్నింగ్'. ఇది నేను మనవరాలి దగ్గర మూడుసార్లు అడిగి పెట్టుకున్న, ఇప్పటికీ ఒకసారి తప్పుతది.

పిలగాడు మొన్న మళ్లీ సెలవు అడిగిండు. ఈసారి గిట్ల రాసిండు: 'ఐ విల్ జాయిన్ ఆన్ థర్స్‌డే, ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్.' గురువారం పొద్దుగాల ఆయన ఫ్రేమ్ ఆయనకే ఉన్నది.