బెల్లం నెత్తిమీద పెడతారట

పెళ్లి సీజన్‌లో పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒకటే వాక్యం రకరకాల చీరల కింద కనిపిస్తుంది: ‘కొత్త జీవితానికి తొలి అడుగు, మీ ఆశీస్సులు కావాలి.’ తప్పేం లేదు. కాకపోతే దాన్ని తీసుకెళ్లి ఇంకో పెళ్లికూతురి ఫొటో కింద పెట్టినా చక్కగా అతుకుతుంది. చిక్కంతా అక్కడే.

మా బంధువులమ్మాయి ఒకతె కూడా ముందు అదే రాసుకుంది, అదీ ముందురోజు రాత్రి. పొద్దున చూసుకుంటే తనకే నచ్చలేదు. మంగళస్నానం అయ్యాక, గౌరీపూజకు కూర్చోబెట్టేలోపు కాస్త తీరిక దొరికింది. పాదాలకు పెట్టిన పారాణి తడారలేదు కాబట్టి ఎటూ కదలడానికి లేదు. అప్పుడు రాసింది ఇది:

‘నలుగు పెట్టి, తలంటి, పారాణి దిద్ది, కదలొద్దన్నారు. ఆకలేస్తోంది. జీలకర్ర బెల్లం అయ్యేదాకా ఏమీ పెట్టరట. ఆ బెల్లం కూడా నెత్తిమీద పెడతారట, నోట్లో కాదు. విడిదింట్లో ఆయనకీ ఏమీ పెట్టలేదని ఇప్పుడే తెలిసింది. కాస్త ధైర్యం వచ్చింది.’

ఇందులో ‘కంగారు’ లేదు, ‘సంతోషం’ లేదు. ఖాళీ కడుపూ, కదల్లేని కాళ్లూ కంగారు సంగతి చెప్పేశాయి. విడిదింటి కబురు వినగానే వచ్చిన ధైర్యమే సంతోషం. తనలాగే ఆకలితో ఉన్న మనిషి ఇంకొకరున్నారు, ఆయన్నే చేసుకోబోతోంది. చీర రంగు, నగలు, పూలజడ ఎలాగూ ఫొటోలో కనిపిస్తాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. ఆకలి ఫొటోలో పడదు, అందుకే దాన్ని రాసింది.

వేళ కూడా కలిసొచ్చింది. నుదుట బాసికం కట్టాక ఫోన్ పట్టుకోనివ్వరు. ముందురోజు రాసుకుంటే ఆకలి ఉండదు, విడిదింటి కబురూ ఉండదు.

పెళ్లికొడుకులకూ ఇలాంటి సరుకు తక్కువేమీ కాదు. కాశీయాత్ర ఆచారమున్న ఇంట్లో అతను గొడుగు పట్టుకుని సన్యాసానికి బయల్దేరాలి, బావమరిది బెల్లం పెట్టి, బతిమాలి వెనక్కి తేవాలి. ‘కాశీకి బయల్దేరుతున్నాను. బావమరిదికి ముందే చెప్పి ఉంచాను, ఆలస్యం చెయ్యొద్దని’ అంటే చాలు. వెళ్లే ఉద్దేశం లేదనీ, పిలవడం ఆలస్యమైతే ఎలా అన్న బెంగ ఉందనీ రెండూ తెలిసిపోతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుందిగానీ, దాని స్క్రీన్‌షాట్ రెండు కుటుంబాల గ్రూపుల్లోనూ తిరుగుతూనే ఉంటుంది. అత్తగారూ చూస్తారు, పెదమామయ్యా చూస్తాడు. పై రెండింట్లోనూ నవ్వు రాసినవాళ్ల మీదే పడింది. అదే ‘మావాళ్లు టిఫిన్ కూడా పెట్టలేదు’ అని ఉంటే, తాళి కట్టే లోపే ఓ పంచాయితీ మొదలయ్యేది!